కెఫేలో దేన్ని ముందుకు తేవాలి: ఒక్కో ఐటమ్ మిగులు చెప్పేది, చెప్పనిది

క్లుప్తంగా: ఒక ఐటమ్ అమ్మితే చేతిలో ఎంత మిగులుతుందో కాంట్రిబ్యూషన్ మార్జిన్ చెబుతుంది. అయితే ఎక్కువ మిగిలే ఐటమ్‌కే ప్రచారం చేస్తే లాభం పెరుగుతుందన్న హామీ లేదు. ఆ అమ్మకం కొత్తగా వచ్చిందా, మరో అమ్మకాన్ని తప్పించి వచ్చిందా అన్నది మొదటి ప్రశ్న. రద్దీ వేళలో అది కాఫీ తయారుచేసే బారిస్టా సమయాన్ని ఎంత తింటుందన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు దొరికాక, మిగులు తక్కువున్న మఫిన్ ఎక్కువున్న ఐస్‌డ్ డ్రింక్ కంటే మేలైన ఎంపిక కావచ్చు.

## మిగులులో ఏం చేరుతుంది

పన్ను తీసేసిన ధరలోంచి, ఆ ఒక్క కప్పు అమ్మడం వల్లే అయిన ఖర్చును తీసేస్తే వచ్చేది కాంట్రిబ్యూషన్ మార్జిన్. ఇక్కడ దాన్ని మిగులు అందాం. అద్దె, జీతాలు, యంత్రం వాయిదా ఇందులోకి రావు. ఒక కప్పు ఎక్కువ అమ్మినా తక్కువ అమ్మినా ఈ నెల అద్దె మారదు. వాటిని కప్పులకు పంచి "అసలు లాభం" తీయాలన్న ఆలోచన ప్రచార నిర్ణయాన్ని చెడగొడుతుంది. అమ్మకాలు పెరిగితే కప్పుకు పడే అద్దె వాటా తగ్గుతుంది, పడిపోతే పెరుగుతుంది. తెలుసుకోవాలనుకున్న ఫలితమే లెక్కలో ముందుగా దూరి కూర్చుంటుంది.

క్యాపచీనోతో లెక్క చూద్దాం. అంకెలన్నీ ఊహించినవే, ఏ కరెన్సీలో అనుకున్నా ఫరవాలేదు. ధర 180. గింజలు కిలో 1000 చొప్పున, డబుల్ షాట్‌కు 18 గ్రాములంటే 18. పొద్దున గ్రైండర్ సరిచేసేటప్పుడు కొన్ని షాట్లు పారబోయక తప్పదు. రోజుకు వంద షాట్లు తీసేచోట అవి ఐదైతే 5 శాతం కలిసి 19 అవుతుంది. పాలు లీటరు 60. రెసిపీ కార్డులో 150 మిల్లీలీటర్లని రాసి ఉన్నా, జగ్గులో పోసేది 180 అయితే ఖర్చు 180కే పడుతుంది, అంటే 11. కప్పు, మూతకు 8. కార్డు చెల్లింపు రుసుము 2 శాతం చొప్పున దాదాపు 4. మొత్తం 42, మిగులు 138.

పాల దగ్గర జరిగే పొరపాటు తరచుగా కనిపించేదే. దాన్ని పట్టుకోవడం కష్టం కాదు. వారంలో 700 క్యాపచీనోలు అమ్మితే కార్డు ప్రకారం 105 లీటర్ల పాలు ఖర్చు కావాలి. స్టాకు లెక్కలో 126 లీటర్లు తగ్గితే కప్పుకు వాస్తవంగా 180 మిల్లీలీటర్లు పోతున్నాయి. పాలు వాడే ఐటమ్‌లు చాలా ఉంటే ఒక్కోదాని అమ్మకాలను దాని రెసిపీతో గుణించి, మొత్తాన్ని స్టాకుతో పోల్చాలి. తేడా తేలేదాకా రెసిపీ కార్డు మీద వేసిన మిగులు ఆశ మాత్రమే.

అదే క్యాపచీనో డెలివరీ యాప్ ద్వారా వెళితే అది వేరే ఐటమ్ కింద లెక్క. కమీషన్ 25 శాతం అనుకుంటే 45 పోతుంది, గట్టి ప్యాకింగ్‌కు ఇంకో 10. కార్డు రుసుము విడిగా లేకపోయినా మిగులు 138 నుంచి 87కు పడిపోతుంది. కౌంటర్‌కూ డెలివరీకీ ఒకే పట్టిక పెట్టుకుంటే రెండు చోట్లా తప్పు ఐటమే ముందుకు వస్తుంది.

## శాతమా, మొత్తమా

ఇదే పద్ధతిలో ఆరు ఐటమ్‌ల పట్టిక తయారైందనుకుందాం. చివరి నిలువు వరుసలో ఉన్నది ఒక్కో ఆర్డర్‌కు బారిస్టా చేతి సమయం.

| ఐటమ్ | ధర | మారే ఖర్చు | మిగులు | మిగులు శాతం | సెకన్లు |
|---|---|---|---|---|---|
| ఐస్‌డ్ బ్లెండెడ్ కాఫీ | 240 | 82 | 158 | 66 | 150 |
| కోల్డ్ బ్రూ | 200 | 50 | 150 | 75 | 20 |
| గ్రిల్డ్ శాండ్‌విచ్ | 260 | 120 | 140 | 54 | 120 |
| క్యాపచీనో | 180 | 42 | 138 | 77 | 75 |
| టీ | 100 | 12 | 88 | 88 | 20 |
| మఫిన్ | 90 | 45 | 45 | 50 | 10 |

శాతం చూస్తే టీ అందరికంటే పైన ఉంది. కానీ క్యాపచీనో తాగే మనిషిని టీ వైపు తిప్పితే గల్లాలో 50 తగ్గుతుంది. అద్దె కట్టేది శాతంతో కాదు, డబ్బుతో. ముడిసరుకు శాతం ఎంత తక్కువైతే అంత మంచిదన్న పాత అలవాటుకు భిన్నంగా, మైఖేల్ కసవన, డొనాల్డ్ స్మిత్ 1982లో మెనూ ఇంజనీరింగ్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. అందులో కొలమానం శాతం కాదు, ఐటమ్‌కు మిగిలే మొత్తం. సగటు కంటే ఎక్కువ మిగిల్చేవి, తక్కువ మిగిల్చేవి అని ఒక గీత. బాగా అమ్ముడయ్యేవి, కానివి అని మరో గీత గీస్తే మెనూ నాలుగు గళ్లుగా విడిపోతుంది. ఆదరణ గీతను సమాన వాటాలో 70 శాతం దగ్గర పెడతారు. ఆరు ఐటమ్‌లుంటే సమాన వాటా 16.7 శాతం. అందులో 70 శాతం అంటే, మొత్తం అమ్మకాల సంఖ్యలో సుమారు 11.7 శాతం దాటినవి ఆదరణ ఉన్నవి.

మెనూ మొత్తాన్ని ఒక్క చూపులో చూడ్డానికి ఈ గళ్లు పనికొస్తాయి. ఏ ఐటమ్‌ను బోర్డు మీదకెక్కించాలో తేల్చడానికి మాత్రం చాలవు. కారణం సులువైనదే. ఆ గళ్లలో ప్రతి ఐటమ్ ఒంటరిగా నిలబడుతుంది. కౌంటర్ దగ్గర ఏదీ ఒంటరిగా అమ్ముడుపోదు.

## కొత్త అమ్మకమా, మారిన అమ్మకమా

పట్టికలో పైనున్న బ్లెండెడ్ కాఫీ పోస్టరు గోడకు అంటించారనుకుందాం. దాన్ని చూసి బ్లెండెడ్ కాఫీ అడిగినవారిలో చాలామంది పోస్టరు లేకపోయినా ఏదో ఒకటి కొనేవారే. ఆ ఏదో ఒకటి క్యాపచీనో అయితే కెఫేకు కొత్తగా వచ్చింది 158 కాదు. 158లోంచి 138 తీసేయగా వచ్చే 20. కోల్డ్ బ్రూ తాగేవారు మారితే 8 మాత్రమే. టీ తాగేవారు మారితే 70.

ఇప్పుడు పట్టికలో అట్టడుగున ఉన్న మఫిన్‌ను చూడాలి. క్యాపచీనో అడిగిన మనిషి దాంతోపాటు మఫిన్ తీసుకుంటే క్యాపచీనో ఎక్కడికీ పోదు. కాబట్టి వచ్చే 45 పూర్తిగా కొత్తది. క్యాపచీనో తాగేవారి ముందు పెట్టడానికి 158 మిగిల్చే ఐటమ్ కంటే 45 మిగిల్చేదే రెట్టింపుకు మించి విలువైనది. మిగులు పట్టికను పైనుంచి కిందికి చదివి పోస్టర్లు వేసే కెఫేలు పోగొట్టుకునేది ఇక్కడే.

కాబట్టి ప్రచారానికి ముందు ప్రతి ఐటమ్ దగ్గరా రాసుకోవాల్సింది "దీని మిగులు ఎంత" అన్నది కాదు, "ఇది దేని బదులు వెళుతుంది" అన్నది. దానికి జవాబు బిల్లుల్లోనే ఉంటుంది. బ్లెండెడ్ కాఫీ అయిపోయిన రోజు, లేదా బ్లెండర్ పాడైన రోజు ఏ ఐటమ్ అమ్మకాలు పెరిగాయో చూస్తే, అది దేని బదులు వెళుతోందో దాదాపుగా తేలిపోతుంది. అటువంటి రోజు లేకపోతే, గతంలో బ్లెండెడ్ కాఫీ పెరిగిన వారాల్లో ఏవి తగ్గాయో వెతకాలి. బిల్లుల సంఖ్య పెరగకుండా ఒకటి పెరిగి మరొకటి తగ్గితే అది మార్పిడే.

తోడుగా వెళ్లే ఐటమ్‌కూ ఒక హద్దుంది. మఫిన్ తిన్నవారు శాండ్‌విచ్ మానేస్తే 45 రావడానికి 140 పోయినట్టే. ఉదయం కాఫీతో మఫిన్ తోడు, మధ్యాహ్నం భోజనవేళ అదే మఫిన్ పోటీ. ఒకే పోస్టరును రోజంతా ఉంచకూడదనడానికి ఇదొక్క కారణం చాలు.

## రద్దీ గంటలో లెక్క తలకిందులు

ఇప్పటిదాకా బారిస్టాకు కావలసినంత సమయం ఉందనే అనుకున్నాం. పొద్దున వరుస గుమ్మం దాటినప్పుడు ఆ ఊహ పనిచేయదు. అప్పుడు కొరతగా ఉన్నది కొనేవారు కాదు, యంత్రం దగ్గరి చేతి సమయం. ఒక ఆర్డర్ పట్టే ప్రతి సెకనూ వరుసలో నిలబడి విసిగి వెళ్లిపోయే ఇంకొకరిది. అందుకే ఆ గంటలో ఐటమ్‌లను కప్పుకు మిగిలేదాన్ని బట్టి కాక, నిమిషానికి మిగిలేదాన్ని బట్టి పోల్చాలి. స్ప్రెడ్‌షీట్‌లో B గడిలో ధర, Cలో మారే ఖర్చు, Dలో సెకన్లు ఉంటే:

```
=(B2-C2)/D2*60
```

పట్టికకు దీన్ని వర్తింపజేస్తే బ్లెండెడ్ కాఫీ నిమిషానికి 63 మిగులుస్తుంది, క్యాపచీనో 110, కోల్డ్ బ్రూ 450. మొదటి స్థానంలో ఉన్నది చివరికి జారిపోయింది.

దీని ప్రభావం ఒక గంటలో ఎంత ఉంటుందో చూద్దాం. ఒకే బారిస్టా, గంటలో నిజంగా చేతికందే పని సమయం 50 నిమిషాలు, అంటే 3000 సెకన్లు. వరుస తరగకుండా ఉంది. అందరూ క్యాపచీనోనే అడిగితే 40 కప్పులు, మిగులు 5520. పోస్టరు చూసి పదిమంది బ్లెండెడ్ కాఫీకి మారారనుకుందాం. ఆ పదింటికే 1500 సెకన్లు పోతాయి. మిగతా 1500 సెకన్లలో 20 క్యాపచీనోలే వస్తాయి. మొత్తం మిగులు 1580, 2760 కలిపి 4340. ఎక్కువ మిగిలే ఐటమ్ బాగా అమ్ముడైంది, గంటలో 1180 తగ్గింది.

అదే పదిమంది కోల్డ్ బ్రూకు మారితే 200 సెకన్లు చాలు. మిగతా 2800 సెకన్లలో 37 క్యాపచీనోలు వస్తాయి. మొత్తం 1500, 5106 కలిపి 6606. కప్పుకు తేడా 12 మాత్రమే అయినా, గంటలో 1086 పెరిగింది. ఈ పెరుగుదల దాదాపు అంతా కోల్డ్ బ్రూ మిగులు నుంచి కాదు, అది వదిలిపెట్టిన సమయంలో చేసిన క్యాపచీనోల నుంచి వచ్చింది. వరుసలో ఆ అదనపు మనుషులు నిజంగా ఉంటేనే ఇది నిలుస్తుంది. వరుస లేని వేళ ఆదా అయిన సెకనుకు విలువ సున్నా. అప్పుడు మళ్లీ కప్పుకు మిగులు, తోడు, మార్పిడి అన్న లెక్కకే రావాలి.

మఫిన్‌కూ ఇదే పరీక్ష పెట్టాలి. క్యాపచీనో సెకనుకు 1.84 మిగులుస్తుంది. గాజుపెట్టెలోంచి తీసి సంచిలో వేయడానికి బారిస్టాకు 10 సెకన్లు పడితే ఆ సమయం విలువ 18. అయినా 45లో 27 మిగులుతుంది. వేడిచేసి, పళ్లెంలో పెట్టి ఇవ్వాలంటే చేతిపని 40 సెకన్లు అవుతుందనుకుందాం. అప్పుడు సమయం విలువ 74, రాబడి 45. హద్దు 24 సెకన్ల దగ్గర ఉంది. కాబట్టి రద్దీలో "మఫిన్ కావాలా" అని అడగవచ్చు, "వేడిచేయమంటారా" అని అడగకూడదు. గల్లా దగ్గర వేరే మనిషి ఉండి మఫిన్ అక్కడే అందిస్తే యంత్రం సమయం ఖర్చే కాదు. అప్పుడు చూడాల్సింది గల్లా దగ్గర వరుస నిలిచిపోతోందా అన్నది.

సెకన్లు కొలిచేటప్పుడు జరిగే పొరపాటు, ఆర్డర్ తీసుకున్నప్పటి నుంచి ఇచ్చేదాకా గడియారం నడపడం. అది కస్టమర్ ఎదురుచూసిన సమయం. కొలవాల్సింది ఆ ఐటమ్ కోసం చేతులు వేరే పనికి దొరకని సమయం. బ్లెండర్ తిరుగుతుండగా బారిస్టా పాలు కాగబెడితే ఆ సెకన్లు లెక్కలోకి రావు. బ్లెండర్ జార్ కడిగే సెకన్లు వస్తాయి. ఒక్కో ఐటమ్‌ను పదేసిసార్లు, అసలైన రద్దీలో కొలిచి సగటు తీస్తే చాలు. రెండు క్యాపచీనోలను ఒకే జగ్గు పాలతో కలిపి చేసే అలవాటుంటే కప్పుకు పట్టే సమయం తగ్గుతుంది, దాన్ని విడిగా రాసుకోవాలి. కొరత ఎక్కడుందో ముందుగా తేల్చుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఆర్డర్ చీటీలు ఎక్కడ పేరుకుంటున్నాయో అక్కడే కొరత. గ్రిల్ దగ్గర పేరుకుంటే గ్రిల్ సమయంతో భాగించాలి. అప్పుడు శాండ్‌విచ్ తప్ప మిగతా అన్నీ ఉచితమైనట్టే.

## తగ్గింపు ఇస్తే ఎంత పెరగాలి

ప్రచారంలో ధర తగ్గింపు కూడా ఉంటే శాతం మళ్లీ అక్కరకొస్తుంది. తగ్గింపుకు ముందున్న మిగులును నిలబెట్టుకోవడానికి అమ్మకాలు ఎంత పెరగాలన్నది, తగ్గింపును తగ్గింపు తర్వాతి మిగులుతో భాగిస్తే వస్తుంది. క్యాపచీనోపై 20 శాతం అంటే 36 తగ్గింపు, మిగులు 102. అమ్మకాలు 35 శాతం పెరగాలి. శాండ్‌విచ్‌పై అదే 20 శాతం అంటే 52 తగ్గింపు, మిగులు 88. అమ్మకాలు 59 శాతం పెరగాలి. రెండింటి మిగులూ దాదాపు సమానమే అయినా తగ్గింపు తట్టుకునే శక్తి సమానం కాదు.

కాంబో దగ్గర ఈ లెక్క ఇంకా మోసగిస్తుంది. క్యాపచీనోతో మఫిన్‌ను 90కి బదులు 70కి ఇస్తున్నారనుకుందాం. మఫిన్ మిగులు 25కు తగ్గింది. వందమంది క్యాపచీనో కొనేవారిలో 20 మంది ముందునుంచే పూర్తి ధరకు మఫిన్ తీసుకుంటున్నారు. వారి నుంచి 900 వచ్చేది. కాంబోలో 900 రావాలంటే 36 మంది తీసుకోవాలి. 20 నుంచి 32కు పెరిగితే అమ్మకాల నివేదికలో 60 శాతం వృద్ధి కనిపిస్తుంది. గల్లాలో మాత్రం 100 తగ్గుతుంది. అలవాటుగా కొనేవారు ఇప్పటికే ఎక్కువగా ఉన్న జంటకు కాంబో ధర పెట్టకూడదు. అరుదుగా కలిసి వెళ్లే జంటకు పెట్టాలి: ముందు 5 మందే తీసుకుంటుంటే హద్దు 9 మంది దగ్గరే ఉంటుంది. తగ్గింపు లేకుండా గల్లా పక్కన మఫిన్ పళ్లెం పెట్టి చూడటం అంతకంటే ముందు చేయదగ్గ పని.

## మిగిలిపోయే సరుకు

మఫిన్ ఖర్చు 45 అన్నప్పుడు తెప్పించినవన్నీ అమ్ముడుపోయాయని అనుకున్నాం. అందులో 43 కొనుగోలు ధర, 2 కార్డు రుసుము. రోజుకు 20 తెప్పించి 16 అమ్మితే, అమ్మిన ఒక్కోదానికి కొనుగోలు ఖర్చు దాదాపు 54 పడుతుంది. మిగులు 45 కాదు, 34. ఇలా మఫిన్లు తెప్పించడం లాభమా కాదా అని తేల్చుకోవడానికి వాడాల్సింది ఈ 34.

సాయంత్రం గాజుపెట్టెలో నాలుగు మిగిలి ఉన్నప్పుడు లెక్క వేరు. వాటి 43 ఎప్పుడో ఖర్చయిపోయింది, అమ్మినా అమ్మకపోయినా తిరిగి రాదు. కాబట్టి ఆ గంటలో సగం ధరకు, 45కు అమ్మినా, రుసుము పోగా దాదాపు మొత్తం మిగులే. అయితే రోజూ ఒకే సమయానికి సగం ధర పెడితే మధ్యాహ్నం కొనేవారు సాయంత్రందాకా ఆగడం నేర్చుకుంటారు. చివరి గంటలో మఫిన్లు పెరుగుతూ, అంతకు ముందు గంటల్లో తగ్గుతుంటే అదే జరుగుతోంది. అప్పుడు తగ్గింపును పొడిగించడం కంటే తెప్పించే సంఖ్యను 17కో 18కో దించడం మేలు.

## ఫలితాన్ని దేనితో కొలవాలి

ప్రచారం చేసిన ఐటమ్ అమ్మకాలు పెరిగాయా అని చూడటం సరిపోదని పై ఉదాహరణలన్నీ చెబుతున్నాయి. చూడాల్సినవి రెండు: బిల్లుకు సగటున మిగిలిన మొత్తం, గంటకు బిల్లుల సంఖ్య. ఈ రెండింటినీ గుణిస్తే గంట మిగులు వస్తుంది. బ్లెండెడ్ కాఫీ పోస్టరు మొదటిదాన్ని కొద్దిగా పెంచి రెండోదాన్ని బాగా తగ్గిస్తుంది. ఒక్కదాన్నే చూస్తే తప్పు దొరకదు.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, రెండు వారాలు ఉంచి, రెండు వారాలు తీసేసి, సోమవారాన్ని సోమవారంతో, ఒకే గంటను అదే గంటతో పోల్చాలి. పండుగలూ, వానలూ, సెలవులూ పడిన రోజులను పక్కన పెట్టాలి. తేడా చిన్నదైతే అది యాదృచ్ఛికమూ కావచ్చు. ప్రచారం లేని రెండు సోమవారాల మధ్యే గంట మిగులు 300 అటూ ఇటూ ఊగుతుంటే, 150 పెరిగిందని సంతోషించడానికి ఏమీ లేదు.

పట్టికను ఎప్పుడు తిరగరాయాలన్నది మిగిలిన ప్రశ్న. ప్రతి చిన్న ధర మార్పుకూ అక్కర్లేదు. గింజల ధర 30 శాతం పెరిగితే క్యాపచీనో ఖర్చు సుమారు 6 పెరిగి మిగులు 132 అవుతుంది. కప్పుకు ఎక్కువ గింజలు పట్టే కోల్డ్ బ్రూ మిగులు అంతకంటే ఎక్కువ తగ్గుతుంది, అయినా రద్దీ గంటలో దాని స్థానం కదలదు. స్థానాలను తారుమారు చేసేది ఎక్కువగా సెకన్ల వరుసే. రెండో బారిస్టా వచ్చినా, గ్రైండర్ మారినా, కోల్డ్ బ్రూను ముందే సీసాల్లో నింపడం మానేసినా ఆ వరుసను కొత్తగా కొలవాలి.